‘క్వైట్ గుడ్’ అంటే ఎంత బాగు?

విదేశీ చదువుకు సిఫారసు ఉత్తరం రాసేటప్పుడు మనం ఆలోచించకుండా వాడేసే మాట ‘క్వైట్’. ‘ఈ అమ్మాయి ఇంగ్లీషు క్వైట్ గుడ్’ అని విజయవాడలో ఒక మాస్టారు రాశారనుకుందాం. ఆయన ఉద్దేశం ‘చాలా బాగుంటుంది’. అమెరికాలో చదివేవారు దాదాపు అలాగే తీసుకుంటారు. బ్రిటన్‌లో మాత్రం చాలామందికి అది ‘పర్వాలేదు’ అన్నట్టు వినిపిస్తుంది. పొగడ్త కాస్తా దారిలోనే చప్పబడిపోతుంది.

తేడా వచ్చేది పక్కనున్న మాటను బట్టి. మంచి, వేడి, పొడవు వంటి గుణాలకు మెట్లుంటాయి. వాటి ముందు బ్రిటిష్ వాడుకలో క్వైట్ అంటే సాధారణంగా ‘ఓ మాదిరి’. ‘ఇంపాసిబుల్’ వంటి మాటకు మెట్లుండవు, అసాధ్యమంటే అసాధ్యమే. కాబట్టి ‘క్వైట్ ఇంపాసిబుల్’ ఎక్కడైనా ‘పూర్తిగా అసాధ్యం’.

మన ఇళ్లలో ఉర్దూలో ‘కాఫీ అచ్ఛా’ అంటాం కదా. అరబ్బీ నుంచి వచ్చిన ఆ ‘కాఫీ’కి అసలర్థం ‘సరిపడేంత’. తెలుగు ‘చాలా’ కూడా ‘చాలు’కు చుట్టమే. ఈ రెండూ ‘సరిపడేంత’ దగ్గర మొదలై పైకెక్కాయి. క్వైట్ ‘పూర్తిగా’ దగ్గర మొదలై బ్రిటన్‌లో కిందికి దిగింది.

‘రాదర్’తో మరో చిక్కు. ‘రాదర్ స్లో’ అంటే మందమే కాదు, అది నచ్చలేదని కూడా ధ్వనిస్తుంది. ‘వెరీ’కి ఈ గొడవ లేదు. ‘ఎక్స్‌ట్రీమ్లీ’ ఇంకా పై మెట్టు. ప్రతి వాక్యంలో రాస్తే మాత్రం నమ్మరు. అసలు ‘తరగతిలో 60 మందిలో మొదటి ముగ్గురిలో ఒకరు’ అని రాస్తే, లండన్‌లోనైనా న్యూయార్క్‌లోనైనా ఒకేలా చదువుతారు.