స్వాప్ ఎందుకు పనిచెయ్యలేదో చెప్పగలిగాకే కోర్సు ఫీజు కట్టండి

బీటెక్ మొదటి ఏడాది ముగుస్తుండగానే చాలా ఇళ్లలో ఒకటే హడావుడి మొదలవుతోంది. ‘సీ లాంగ్వేజ్ పాతబడిపోయింది, దాంతో ఏం ఉద్యోగాలొస్తాయి? సెలవుల్లోనే పైథాన్‌లోనో ఫుల్‌స్టాక్‌లోనో చేర్పించేద్దాం’ అంటున్నారు తల్లిదండ్రులు. సీ పరీక్షలో బొటాబొటి మార్కులతో గట్టెక్కిన పిల్లవాడిని కూడా అమీర్‌పేట హాస్టల్లో దించి వస్తున్నారు. ఈ తొందర తప్పని ఎంత చెప్పినా వినేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి సలహా పక్కనపెట్టి ఒక చిన్న ప్రోగ్రాం చూపిస్తాను. రెండు సంఖ్యలను తారుమారు చెయ్యడం దీని పని.

```c
#include <stdio.h>

void swap(int a, int b) {
    int t = a;
    a = b;
    b = t;
}

int main(void) {
    int x = 25, y = 40;
    swap(x, y);
    printf("%d %d\n", x, y);
    return 0;
}
```

`40 25` వస్తుందనుకుంటాం. వచ్చేది `25 40`. కంపైలర్ ఎర్రర్ చూపదు. `gcc -Wall` అని హెచ్చరికలు అడిగినా మౌనంగానే ఉంటుంది. భాష నియమాల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు మరి. అనుకున్న పని మాత్రం జరగలేదు.

కారణం చూద్దాం. x మెమరీలో 1000 అనే అడ్రస్‌లో, y 1004లో ఉన్నాయనుకోండి. `swap(x, y)` అనగానే సీ ఆ చోట్లను ఫంక్షన్‌కు అప్పగించదు. వాటిలోని విలువలను మాత్రమే తీసి పంపుతుంది. ఫంక్షన్ కోసం a, b అని వేరే చోట్లు, 2000లో ఒకటి, 2004లో ఒకటి, ఏర్పడి వాటిలోకి 25, 40 చేరతాయి. ఆ తర్వాతి మూడు లైన్లూ చక్కగా నడుస్తాయి. aలోకి 40, bలోకి 25 వచ్చేస్తాయి. ఫంక్షన్ ముగియగానే a, b రెండూ పోతాయి. 1000, 1004లను ఎవరూ తాకనే లేదు. మార్కుల మెమో జిరాక్స్ మీద ఎన్ని దిద్దుబాట్లు చేసినా ఒరిజినల్ మారనట్టే ఇదీ. దీన్నే కాల్ బై వాల్యూ అంటారు.

ఇక్కడ పిల్లలు పడే తికమకలు కొన్ని ఉన్నాయి. a, b బదులు ఫంక్షన్‌లోనూ x, y అనే పేర్లే పెడితే సరిపోతుందనుకుంటారు కొందరు. పేరు ఒకటే అయినా చోటు వేరు కాబట్టి ఫలితం మారదు. ఇంకొందరు printfను తీసుకెళ్లి, x, y బదులు a, b రాసి swap లోపల పెడతారు. అప్పుడు తెరమీద `40 25` కనిపిస్తుంది, ల్యాబ్ రికార్డు మీద సంతకం పడుతుంది, మార్కులూ వస్తాయి. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, పిల్లవాడికి మాత్రం విషయం అర్థం కాలేదు. అసలు సంగతి తేలాలంటే printf రెండు చోట్లా ఉండాలి. ఇంకా మంచి పద్ధతి, mainలో `&x`, ఫంక్షన్‌లో `&a` అడ్రస్‌లను `%p`తో ప్రింట్ చేసి పక్కపక్కన చూడటం. రెండూ వేరని కళ్లారా చూసినవాడు ఇక మర్చిపోడు.

సరైన పద్ధతిలో విలువల బదులు అడ్రస్‌లు పంపాలి.

```c
void swap(int *p, int *q) {
    int t = *p;
    *p = *q;
    *q = t;
}
```

పిలిచేటప్పుడు `swap(&x, &y);` అనాలి. ఇప్పుడు pలో 1000, qలో 1004 ఉంటాయి. `*p` అంటే 1000 దగ్గరున్న విలువ. మార్పు నేరుగా అక్కడే జరుగుతుంది.

కోచింగ్ సెంటర్లలో నేర్పేది చాలావరకు ఇక్కడితో ఆగిపోతుంది. ‘ఫంక్షన్‌లో స్టార్ పెట్టు, పిలిచేటప్పుడు యాంపర్‌సాండ్ పెట్టు’ అని రాయించి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ఇంటర్వ్యూ చేసేవారికి ఈ సంగతి తెలుసు. అందుకే ఇలా మార్చి అడుగుతారు.

```c
void swap(int *p, int *q) {
    int *t = p;
    p = q;
    q = t;
}
```

స్టార్లు ఉన్నాయి, పిలిచేటప్పుడు `&` కూడా ఉంది. అయినా వచ్చేది `25 40`. బట్టీపట్టినవాడు ఇక్కడ నోరు తెరవలేడు. మెమరీ బొమ్మ గీసుకున్నవాడికి ఇది నిమిషం పని. p, q కూడా ప్రతులే. వాటిలోని 1000, 1004 అనే అడ్రస్‌లు మాత్రమే తారుమారయ్యాయి. ఆ అడ్రస్‌ల దగ్గరున్న 25, 40 ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే సీలో అడ్రస్ పంపినా దాన్ని కూడా విలువగానే, ప్రతి తీసే పంపుతారు. ఈ ఒక్క వాక్యం సొంతంగా చెప్పగలిగితే అభ్యర్థికి పాయింటర్లు వచ్చినట్టే.

‘మావాడు పైథాన్ నేర్చుకుంటాడు, ఈ గొడవంతా ఎందుకు’ అనేవారికి ఒక మాట. ఈ ప్రశ్న అక్కడికీ వెంటే వస్తుంది. జావాలో రెండు intలను ఫంక్షన్‌కు పంపి మారిస్తే బయట మారవు. పైథాన్ ఫంక్షన్ లోపల `a, b = b, a` అని రాస్తే పిలిచినవారి వేరియబుల్స్ మారవు. అదే ఒక లిస్ట్ పంపి లోపల `append` చేస్తే మాత్రం బయట కనిపిస్తుంది. ఈ తేడా ఎందుకో తెలియనివాడు నిజమైన ప్రాజెక్టులో, ఏ ఎర్రరూ రాకుండానే డేటా తప్పుగా మారుతుంటే రోజుల తరబడి వెతుక్కోవాల్సిందే. సీలో పది లైన్లలో తేలిపోయే విషయాన్ని అక్కడ వేల లైన్ల మధ్య నేర్చుకోవాలి.

సీ పాతబడిపోయిందన్న మాటకు వస్తే, గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ‘ప్రోగ్రామింగ్ ఇన్ సీ’ ఇప్పటికీ ఉంది. బీటెక్ మూడో ఏడాది నుంచే ఆ పరీక్ష రాయవచ్చు.

ఇక ఖర్చు సంగతి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అనే మాట వినగానే వేలకు వేలు, అప్పుచేసి మరీ కట్టేస్తున్నారు. ఆ కోర్సుల్లో చాలావాటిని, చేరేవారికి ప్రాథమికాంశాలు వచ్చేసి ఉంటాయన్న లెక్కతోనే మొదలుపెడతారు. రానివాడు రెండో వారానికే వెనకబడతాడు. తెలియదని చెప్పడానికి సిగ్గు, ఇంట్లో కట్టిన డబ్బు తలచుకుంటే భయం. చివరికి వేరేవాళ్ల ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టుకుని తిరుగుతాడు. ఇందులో పిల్లవాడి తప్పు ఎంత? పునాది పడకముందే పరుగెత్తమన్నది పెద్దలే కదా. పక్కింటి అబ్బాయి ప్యాకేజీని రోజూ భోజనాల దగ్గర గుర్తుచెయ్యడం ఇకనైనా మానండి.

నన్నడిగితే మొదటి సెలవులు ఇంట్లోనే, పాత ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే జీసీసీతో గడపడం మేలు. రోజుకు ఒకే ప్రోగ్రాం. రాసిన ప్రతి ఫంక్షన్‌కూ కాగితం మీద గళ్లు గీసి, ఏ గడిలో ఏ విలువ ఉందో లైను లైనుకూ దిద్దుకుంటూ పోవాలి. రన్ చేసే ముందే జవాబు రాసుకోవాలి. ఆ జవాబు తప్పిన రోజు ఎక్కడ తప్పిందో వెతకాలి. స్వాప్ తర్వాత అర్రేలను ఫంక్షన్‌కు పంపడం, ఆ తర్వాత స్ట్రక్చర్లు. ఈ వరుసలో వెళ్లినవారికి డేటా స్ట్రక్చర్స్ భారం కాదు.

ఆ తర్వాత కూడా కోచింగ్ కావాలనిపిస్తే డెమో క్లాసుకు వెళ్లండి. పైన చూపిన రెండో తప్పు ప్రోగ్రాంను కాగితం మీద రాసి ట్రైనర్ ముందు పెట్టండి. ఆయన బోర్డు మీద గళ్లు గీసి, p, qలలో ఏం మారింది, x, yలలో ఏం మారలేదు అని చూపిస్తే ఫీజు గురించి మాట్లాడండి. ‘ఇంటర్వ్యూలో ఇవన్నీ అడగరు, స్టార్ పెట్టి రాసెయ్యండి’ అంటే ఆ ఫీజు మీ దగ్గరే ఉంచుకోండి.