మీటింగ్ టైమ్ మారుస్తూ మెయిల్ రాయాలా?

హైదరాబాద్‌లో ఆరుగురు, న్యూజెర్సీలో ముగ్గురు ఉన్న టీమ్ అనుకుందాం. సోమవారం రాత్రి 8.30కి జరిగే వారం మీటింగ్‌ను ఇకపై గురువారం సాయంత్రం 6.30కి జరపాలి. మెయిల్ రాసే పని మీకు అప్పగించారు. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా ‘మీటింగ్ గురువారానికి మార్చాం, అందరికీ ఓకేనా?’ అని పంపేస్తారు. మార్పు ఈ ఒక్క వారానికా, ఎప్పటికీనా? నిర్ణయం అయిపోయిందా, ఇంకా అడుగుతున్నారా? చదివినవాళ్లకు రెండూ అర్థం కావు.

ఆఫీసులో మీరు రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా, విషయం ఇలా ఉండాలి:

‘సెప్టెంబరు 18 నుంచి మన వారం మీటింగ్ సోమవారం బదులు ప్రతి గురువారం సాయంత్రం 6.30కి, భారత కాలమానం ప్రకారం జరుగుతుంది. ఇది శాశ్వత మార్పు. రాత్రి 8.30 హైదరాబాద్‌వారికి ఇబ్బందిగా ఉందని మార్చాం. ఆ టైముకి మీకు ఏదైనా అడ్డొస్తే 10వ తేదీ సాయంత్రం 5లోపు నాకు విడిగా రాయండి. ఏమీ రాకపోతే 11న కొత్త ఇన్వైట్ పంపుతాను.’

‘విడిగా’ అన్న మాట తీసేయకండి. మేనేజర్ ఉన్న మెయిల్లో అందరికీ కనిపించేలా ‘నాకు కుదరదు’ అని జూనియర్ రాయడు. ‘అభ్యంతరమా’ అంటే ఎదురుచెప్పినట్టుంటుంది. ‘ఏం అడ్డొస్తుంది’ అని అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది.

‘భారత కాలమానం’ అని ఊరికే రాయలేదు. సెప్టెంబరులో మన 6.30 అంటే న్యూజెర్సీలో ఉదయం 9. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు మన 6.30 వాళ్లకు ఉదయం 8 అవుతుంది. వాళ్ల 9 గంటలనే పట్టుకుంటే మనకు 7.30 అవుతుంది. ఏ దేశపు టైము కదలకుండా ఉండాలో ముందే తేల్చి చెప్పండి. క్యాలెండర్ ఇన్వైట్‌లో టైమ్‌జోన్ కూడా అదే పెట్టాలి. లేకపోతే నవంబరులో సగంమంది గంట ముందో వెనకో వస్తారు.

ఇప్పుడొక అభ్యంతరం వచ్చిందనుకోండి. ఒకరి ఆఫీసు క్యాబ్ 6.45కి బయల్దేరుతుంది, మీటింగేమో ముప్పావుగంట. 6 గంటలకు జరిపితే న్యూజెర్సీవాళ్లు ఇప్పుడు 8.30కి, చలికాలంలో 7.30కి కూర్చోవాలి. అంతకన్నా గురువారాల్లో ఆ ఉద్యోగికి 7.30 క్యాబ్ దొరుకుతుందేమో ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను అడగడం నయం. తేలింది ఏదైనా, పేరు చెప్పకుండా అందరికీ రాయండి. క్యాబ్ దొరికితే, ‘ఒక ఇబ్బంది వచ్చింది, పరిష్కారమైంది, టైమ్ 6.30నే’ అని చెప్పండి. ఆ జవాబు రాకపోతే తర్వాతిసారి ఎవరూ నోరు విప్పరు.

చివరగా, గూగుల్ క్యాలెండర్‌లో పాత సిరీస్‌ను ఆపేటప్పుడు ‘All events’ నొక్కకండి, జరిగిపోయిన మీటింగ్‌ల రికార్డూ పోతుంది. ‘This and following events’ ఎంచుకోండి.