టార్టు అంటే ఏమిటి? - కోవెలకుంట్ల కేసు

మాచర్ల నుంచి వచ్చి ఈ ఏడు లా మొదటి సంవత్సరంలో చేరిన తమ్ముడొకడు నన్నడిగాడు: "అన్నా, టార్టంటే చిన్న నేరమేనా?" కాదు. అయితే మొదటి ఏడు నాకూ అదే అనుమానం!

నరసరావుపేటలో ఒకాయన ఇంటిముందు గొయ్యి తవ్వించి, కంచె గాని దీపం గాని పెట్టకుండా వదిలేశాడనుకోండి. రాత్రి దారినపోయే మనిషి అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఏ ఒప్పందమూ లేదు. అయినా దారినపోయేవాడి పట్ల జాగ్రత్తగా ఉండాలన్న బాధ్యత చట్టమే మోపింది. ఆ బాధ్యత తప్పి ఒకరికి నష్టం చేస్తే అది టార్టు. ఇక్కడ అడిగేది శిక్ష కాదు, డబ్బు; ఎంతన్నది కోర్టు తేలుస్తుంది. నిర్లక్ష్యం ఇందులో ఒక రకం. దీనికి మూడు రుజువు కావాలి: బాధ్యత ఉండటం, అది తప్పడం, దానివల్లే నష్టం కలగడం.

మూడోదే చిక్కు. కోవెలకుంట్ల కేసు చూడండి. 1977 మే 5వ తేదీ రాత్రి తెల్లవారితే 6 అనగా, అప్పటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలులోకి కొందరు చొరబడి ఒక గదిలోకి బాంబులు విసిరారు. లోపలున్న చల్లా చిన్నపరెడ్డి చనిపోయారు. కుమారుడు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. కుటుంబం ప్రభుత్వం మీద పది లక్షలకు దావా వేసింది.

"బాంబులు వేసింది ఎవరో, ప్రభుత్వమెందుకివ్వాలి?" అన్నాడు తమ్ముడు. మంచి ప్రశ్నే. కాని బయట ఉన్నవాడు ప్రాణభయముంటే ఊరు వదిలిపోతాడు, నలుగురిని తోడు తెచ్చుకుంటాడు. తాళం వేసిన గదిలోవాడు ఏం చేస్తాడు? కనుక కాపాడే బాధ్యత తాళం వేసినవారిది. భయముందని ముందే చెప్పుకున్నా తగినంత కాపలా పెట్టలేదు. అక్కడ బాధ్యత తప్పింది. ఏ దాడి జరగకుండా కాపలా ఉండాలో అదే దాడి జరిగినప్పుడు, మధ్యలో మూడోమనిషి వచ్చాడన్న సాకు నిలవదు.

కింది కోర్టు మాత్రం దావా కొట్టేసింది. జైలు నడపడం రాజ్యాధికారపు పని, అందులో తప్పు జరిగినా ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కర్లేదన్న పాతవాదం అడ్డొచ్చింది. 1989లో హైకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ప్రాణహక్కు రాజ్యాంగం ఇచ్చినది, ఖైదీకీ ఉంటుంది, దాని ముందు ఆ మినహాయింపు చెల్లదంది. 1,44,000 రూపాయలు వడ్డీతో ఇమ్మంది. పది లక్షలకు అది చాలా తక్కువే, నా మటుకు నాకు. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

"ముందుగా చెప్పుకోకపోయి ఉంటే?" అన్నాడు తమ్ముడు. అప్పుడు కేసు కష్టమయ్యేది. ఆ దాడి ముందే ఊహించదగినదేనని వేరే సాక్ష్యంతో చూపాల్సి వచ్చేది.