ఎందుకు కాదన్నారో ఆ ఉత్తరంలోనే ఉండాలి

సిబ్బంది ఫిర్యాదు మీద విచారణ ముగిశాక మేనేజర్లు ఇచ్చే జవాబుల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: "మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాము. అందులో పస లేదని తేలింది." ఈ వాక్యం రాయకండి. అందుకున్న మనిషికి దాంతో తెలిసేది ఒక్కటే, తన మాట చెల్లలేదని. ఏ కాగితం చూశారు, ఎవరిని అడిగారు, ఏ నిబంధన అడ్డొచ్చింది, ఇప్పుడు తను ఎక్కడికి వెళ్లాలి అన్నవేవీ తెలియవు. అలాంటి జవాబు తర్వాత గొడవ ఆగదు, ముదురుతుంది.

అండమాన్‌లో తరచూ ఎదురయ్యే ఒక చిక్కునే ఉదాహరణగా తీసుకుందాం. శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్లో, 35 మంది పనిచేసే ఒక హోటల్ ఉందనుకోండి. స్టోర్ చూసుకునే ఉద్యోగి శ్రీకాకుళం మనిషి. అక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లే. సెలవు మీద సొంతూరు వచ్చి, తిరిగి వైజాగ్ నుంచి ఓడెక్కాలి. ఓడ 6వ తేదీన బయల్దేరి 9న చేరాలి, ఆయన 10న డ్యూటీలో దిగాలి. వాతావరణం బాగోక ఓడ 2 రోజులు ఆలస్యంగా కదిలింది. 11 సాయంత్రానికి గాని ఒడ్డు చేరలేదు. ఆ తర్వాత జ్వరమని 12, 13 తేదీల్లో కూడా రాలేదు. 14న పనిలోకి వస్తే 4 రోజుల జీతం కోశారు. పైగా నైట్ డ్యూటీ వేశారు. ఆయన 2 విషయాల మీద ఫిర్యాదు ఇచ్చాడు: జీతం అన్యాయంగా కోశారు, కక్షతో డ్యూటీ మార్చారు.

20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఇలాంటి ఫిర్యాదుల కోసం గ్రీవెన్స్ కమిటీ ఉండాలని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. కమిటీలో యాజమాన్యం తరఫున ఎందరో కార్మికుల తరఫున కూడా అందరే ఉండాలి, మొత్తం 10 మందికి మించకూడదు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. జవాబు రాసే మీరు ఆ కమిటీ తరఫున రాస్తున్నారు. మీ సొంత అభిప్రాయానికి అందులో చోటు లేదు.

మొదట చేయాల్సింది ఫిర్యాదును ముక్కలుగా విడదీయడం. "జీతం అన్యాయంగా కోశారు" అన్నది ఒకే ఫిర్యాదులా కనిపిస్తుంది గాని, నిజానికి అందులో 2 ఉన్నాయి. ఓడ వల్ల పోయిన 10, 11 తేదీలు వేరు, జ్వరం వల్ల పోయిన 12, 13 తేదీలు వేరు. ఈ రెండింటికీ కలిపి ఒకే జవాబు ఇస్తే ఏదో ఒక వైపు తప్పు జరిగి తీరుతుంది. డ్యూటీ మార్పు మూడోది. కాబట్టి ఉత్తరంలో 3 భాగాలు ఉండాలి.

ప్రతి భాగంలోనూ ఏం జరిగిందన్నది ముందు, అందుకని ఏం నిర్ణయించామన్నది తర్వాత రావాలి. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. జరిగినది సాక్ష్యంతో తేలుతుంది, నిర్ణయం నిబంధనతో తేలుతుంది. ఉద్యోగి ఒకదానితో ఒప్పుకుని రెండోదాన్ని కాదనవచ్చు. అందుకే విడివిడిగా కనబడాలి. మన ఉదాహరణలో మొదటి భాగం ఇలా ఉంటుంది:

"ఓడ 6వ తేదీకి బదులు 8న బయల్దేరినట్టు షిప్పింగ్ శాఖ ప్రకటనలో ఉంది. మీ టికెట్టు ఆ ఓడదే. 6వ తేదీ రాత్రి మీరు సూపర్‌వైజర్ గారికి పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ని మీ ఫోన్‌లో చూశాం. తాను చూడలేదని ఆయన చెప్పారు. అయితే మెసేజ్ పక్కన 2 టిక్కులు ఉన్నాయి, అంటే ఆయన ఫోన్‌కి చేరింది. కాబట్టి మీరు ముందుగా సమాచారం ఇచ్చారనే మేం నిర్ధారించాం. పోయిన ఏడాది ఫ్లైట్ రద్దయి ఆగిపోయిన ఇద్దరికి ఆ రోజుల్ని సెలవుగా కట్టాం. ఓడలో వచ్చేవారికి వేరే లెక్క కట్టడానికి మాకు కారణం కనిపించలేదు. 10, 11 తేదీలను మీ సెలవు ఖాతాలో వేస్తున్నాం. ఆ 2 రోజుల జీతం ఈ నెల జీతంతో కలిపి మీకు అందుతుంది."

చూశారుగా, సూపర్‌వైజర్ అన్న మాట దాచలేదు. దాన్ని రాసి, ఎందుకు సరిపోలేదో కూడా రాశారు. ఎదుటి పక్షం ఏం చెప్పిందో ఉత్తరంలో లేకపోతే, వాళ్లను అసలు అడగనే లేదనుకుంటాడు చదివేవాడు.

కాదనే భాగం రాయడమే కష్టం. అక్కడే చెయ్యి తడబడుతుంది, మాట ముక్తసరి అవుతుంది. కాదన్న చోటే ఎక్కువ వాక్యాలు రాయండి:

"12, 13 తేదీల్లో మీకు జ్వరం వచ్చిందన్నారు. అది అబద్ధమని మేం అనడం లేదు. అయితే ఆ 2 రోజుల్లో మీరు గాని, మీ ఇంట్లోవాళ్లు గాని హోటల్‌కి ఫోన్ చేయలేదని మీరే చెప్పారు. డాక్టర్ చీటీ చూపించలేదు. జబ్బు చేస్తే మరుసటి రోజులోగా తెలియజేయాలని మీ నియామక పత్రంలోని సెలవు నిబంధనలో ఉంది. అందుకని ఈ 2 రోజుల జీతం కోత అలాగే ఉంటుంది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డాక్టర్ చీటీ తెస్తే ఈ భాగాన్ని మళ్లీ పరిశీలిస్తాం."

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. గైర్హాజరీకి జీతం కోయవచ్చు గాని, రాని రోజుల నిష్పత్తికి మించి కోయడానికి చట్టం ఒప్పదు. 2 రోజులు రానందుకు 3 రోజులు కోసి "క్రమశిక్షణ" అని రాస్తే ఆ ఉత్తరమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

మూడో భాగం చిన్నది. కొత్త డ్యూటీ చార్టు నోటీసు బోర్డు మీద పెట్టింది 4వ తేదీన, అంటే ఓడ ఆలస్యం కాకముందే. అందులో మరో ముగ్గురి పేర్లూ నైట్‌కి మారాయి. కాబట్టి కక్ష అన్నది రుజువు కాలేదు. ఆ తేదీ, ఆ ముగ్గురి సంగతి రాస్తే చాలు. "మీ ఆరోపణ నిరాధారం, దురుద్దేశపూరితం" వంటి మాటలు అనవసరం. రుజువు కాకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

కారణాలన్నీ ఆ ఒక్క ఉత్తరంలోనే ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, తర్వాత చేర్చడానికి వీలుపడదు గనుక. ప్రభుత్వ అధికారి ఇచ్చిన ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలని, కోర్టుకొచ్చాక అఫిడవిట్‌తో కొత్త కారణాలు జోడించడం కుదరదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వ ఉత్తర్వుల గురించే. అయినా ప్రైవేటు మేనేజర్ కూడా అదే కొలబద్ద పెట్టుకోవాలి. విచారణలో చెప్పని కారణం లేబర్ ఆఫీసులో మొదటిసారి వినిపిస్తే, అది అప్పటికప్పుడు అల్లిందేనని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇక అప్పీలు దారి. "అసంతృప్తి ఉంటే పై అధికారులను సంప్రదించవచ్చు" అనే వాక్యం ఎవరికీ పనికిరాదు. ఏ అధికారి, ఎన్నాళ్లలో, ఎలా అన్నది రాయాలి. కమిటీ నిర్ణయం నచ్చని కార్మికుడు అది అందిన 60 రోజుల్లో, తాను సభ్యుడైన కార్మిక సంఘం ద్వారా కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రోజుల లెక్కను ఉద్యోగికి వదిలేయకండి. ఉత్తరం మార్చి 3న చేతికిస్తే "మే 2 లోపు" అని తేదీ వేయండి. కన్సిలియేషన్ అధికారి ఎవరో, ఆఫీసు ఎక్కడో ముందే లేబర్ ఆఫీసులో కనుక్కుని చిరునామాతో సహా రాయండి. ఉద్యోగి ఏ సంఘంలోనూ లేకపోతే ఈ సంఘం షరతు ఒకటుందని ముందే తెలియాలి, లేదంటే 59వ రోజున తెలుస్తుంది.

కమిటీలో ఏకాభిప్రాయం కుదరకపోయినా ఉత్తరం వెళ్లాలి. మెజారిటీ ఒక్కటే చాలదు, కార్మిక ప్రతినిధుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. లేకపోతే నిర్ణయం జరగనట్టే లెక్క. 30 రోజుల గడువు దాటిన నాటి నుంచి ఆయనకు ఆ 60 రోజులు మొదలవుతాయి. మీరు మౌనంగా ఉంటే ఆయన గడువు మాత్రం ఆగదు.

ప్రభుత్వ ఉద్యోగులకు దారి వేరు. కేంద్ర సివిల్ సర్వీసుల 1965 నిబంధనల కింద క్రమశిక్షణ చర్య మీద అప్పీలుకు ఉత్తర్వు అందిన నాటి నుంచి 45 రోజులు. ఆ తర్వాత కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, కోల్‌కతా బెంచ్ సర్క్యూట్‌గా వచ్చి శ్రీ విజయపురంలో కూర్చుంటుంది. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా అక్కడికి వెళ్లాలి. అర్జీకి 6 నెలలైనా జవాబు రాకపోతే, ఆ 6 నెలలు ముగిసిన నాటి నుంచి ఏడాది. మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టుకున్నంత మాత్రాన ఈ గడువు పెరగదని ఎస్.ఎస్. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు 1989లో తేల్చింది. అందుకే "మరోసారి అర్జీ పెట్టుకోండి, చూద్దాం" అని రాసే అధికారి మంచిమాట చెప్పాననుకుంటాడు గాని, ఆ మాట నమ్మిన మనిషి ట్రిబ్యునల్ తలుపు మూసుకుపోయాక చేరతాడు.

ఒప్పుకున్న భాగం అమలు కూడా ఉత్తరంలోనే ఉండాలి: ఎవరు చేస్తారు, ఏ తేదీకి. 2023 ఆగస్టు 3న కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ బెంచ్, రోజు కూలీల వేతనం, డీఏ గురించి తానిచ్చిన ఆదేశం అమలు కాలేదని అండమాన్ చీఫ్ సెక్రటరీని సస్పెండ్ చేసింది, లెఫ్టినెంట్ గవర్నర్‌కి 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఇస్తామన్న డబ్బు చేతికి రాకపోతే గొడవ ఎంత పైకి పోతుందో అక్కడి సిబ్బందికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన స్టోర్ మనిషి 2 రోజుల జీతం జమ అయ్యే బాధ్యత అకౌంటెంట్‌దని రాసి, ఒక కాపీ అకౌంటెంట్‌కి పంపండి.

ఉత్తరం ఆయన చదవగల భాషలో ఉండాలి. ఆఫీసు కాగితం ఇంగ్లీషులో ఉన్నా, తెలుగులోనో హిందీలోనో అనువాదం జతచేయండి. పిలిచి చేతికిచ్చి, అందిన తేదీతో సంతకం తీసుకోండి. మనిషి క్యాంప్‌బెల్ బేలో పనిచేస్తుంటే కాగితం ఓడలో వెళ్లడానికే రోజులు పడతాయి. కాబట్టి ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి కాదు, ఆయన చేతికి అందిన తేదీ నుంచి లెక్క కట్టండి.

జీతం కోసిన సూపర్‌వైజర్ సంతకం మాత్రం ఆ ఉత్తరం మీద ఉండకూడదు. చిన్న హోటల్లో కోసిందీ యజమానే, జవాబివ్వాల్సిందీ యజమానే అయితే, కమిటీ అధ్యక్షుడు నిర్ణయం మీద సంతకం చేయాలి. యజమాని దాన్ని అమలు చేస్తున్నట్టు వేరే కాగితం మీద రాసి జతచేయాలి.