బేరంలో ఆగగలిగినవారిదే పైచేయి

కోసిన టమాటాలు తోట గట్టున క్రేట్లలో ఉన్నాయి. వ్యాపారి నేరుగా అక్కడికే వచ్చాడు. క్రేటుకు 200 రూపాయలకన్నా తక్కువైతే రైతు ఇవ్వడు. 300కన్నా ఎక్కువైతే వ్యాపారి కొనడు. అంటే బేరమంతా మధ్యలో ఉన్న 100 రూపాయల గురించే. అది ఎవరికి ఎంత దక్కుతుంది?

1982లో ఆర్థికవేత్త ఏరియల్ రూబిన్‌స్టైన్ ఈ ప్రశ్నకు గణితంతో జవాబు చెప్పారు. ఆయన నమూనాలో ఈరోజు ఒకరు ధర చెబుతారు. అవతలివారు కాదంటే, రేపు వారు తమ ధర చెబుతారు. ఇలా వంతులవారీగా సాగుతుంది. అయితే ఆలస్యానికి ఇద్దరూ మూల్యం చెల్లించాలి.

టమాటా మెత్తబడుతుంది కాబట్టి, రేపు వచ్చే 100 రూపాయలు రైతుకు ఈరోజు 80తో సమానం అనుకుందాం. వేరే తోటల సరుకు కూడా ఉన్న వ్యాపారికి అది 95.

వ్యాపారి తన వంతులో దక్కించుకోగల వాటా x, రైతు తన వంతులో దక్కించుకోగల వాటా y అనుకోండి. రేపటి y విలువ రైతుకు ఈరోజు 0.8y మాత్రమే. కాబట్టి వ్యాపారి అంత ఇస్తే చాలు, రైతు ఒప్పుకుంటాడు. రైతు వంతు వచ్చినప్పుడూ ఇదే లెక్క:

100 − x = 0.8y
100 − y = 0.95x

వీటిని సాధిస్తే x సుమారు 83, y సుమారు 21. వ్యాపారి ముందుగా ధర చెబితే క్రేటు 217 రూపాయలకు, రైతు ముందుగా చెబితే 221కి తెగుతుంది. ముందుగా మాట్లాడినందుకు కలిసొచ్చేది నాలుగు రూపాయలే. వాటాను అసలు నిర్ణయించేది ఆగగలిగే శక్తి. సరుకు చెడకుండా ఉంచే వీలుండి, రైతు విలువ కూడా 95కు చేరితే, వ్యాపారే ముందు మాట్లాడినా ధర దాదాపు 249 అవుతుంది. నిల్వ ఖర్చును ఇందులో లెక్కించలేదు.

ఈ లెక్క ప్రకారం బేరం మొదటి రోజే తెగిపోతుంది. నిజంగా ఎవరూ ఆగరు. ఆగితే ఎవరికి ఎంత నష్టమో ఇద్దరికీ తెలుసు, అదే ధరను తేలుస్తుంది.

అందుకే బేరం రోజుల తరబడి సాగుతోందంటే, అవతలివారి ఓపిక ఎంతో ఒకరికొకరికి తెలియదని అనుమానించవచ్చు. అప్పు వాయిదా దగ్గరపడిన సంగతిని రైతు దాచిపెట్టేది ఇందుకే.

మరో వ్యాపారి వస్తే? అతను 210 ఇస్తానంటే ఈ నమూనాలో ధర మారదు, ఎందుకంటే బేరంలోనే రైతుకు 217 వస్తోంది. 240 ఇస్తానంటే మాత్రం మొదటి వ్యాపారి కూడా అంత పెట్టక తప్పదు. ఓపిక లేని రైతుకు అక్కరకొచ్చేది రెండో కొనుగోలుదారే, అదీ బేరంలో దక్కేదానికన్నా ఎక్కువ ఇస్తేనే.