బహిష్టుకు ముందు వారం పెరిగే చక్కెర – ఇన్సులిన్ వాడే ఆడపిల్లలకు ఒక పాఠం



"పోయిన వారం ఎంత తగ్గించి పెట్టినా షుగరు దిగలేదు సిస్టరమ్మా. ఈ వారం అంతే తినింది, రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడిపాయ."

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుండి టైప్ వన్ మధుమేహం ఉన్న కూతురిని తీసుకొని వచ్చే తల్లులు ఈ మాట తరచుగా అంటారు. పిల్ల దొంగతనంగా మిఠాయి తిన్నదని తల్లికి అనుమానం. తినలేదని పిల్ల ఏడుపు. అప్పుడు నేను మొదట అడిగేది, "అమ్మా, నెలసరి ఏ తేదీన వచ్చింది?" అని. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది?

బహిష్టు మొదలైన రోజును ఒకటవ రోజుగా లెక్క పెట్టండి. తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదల అవుతుంది. అక్కడి నుండి శరీరంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. ఈ రోజుల్లో కొందరి శరీరం ఇన్సులిన్ మాటను సరిగా వినదు. నిన్న 12 యూనిట్లతో జరిగిన పని ఈరోజు 12 యూనిట్లతో జరగదు. బహిష్టుకు ముందు 5 నుండి 7 రోజుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బహిష్టు దగ్గర పడగానే ఆ హార్మోను పడిపోతుంది. ఇన్సులిన్ మళ్లీ మునుపటి బలంతో పనిచేస్తుంది. మధుమేహం లేనివారిలో క్లోమగ్రంథి ఈ హెచ్చుతగ్గులను తనంతట తానే సర్దుకుంటుంది. మీకు ఆ పని సిరంజితో చేయవలసి వస్తుంది.

ఇది అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. కొందరిలో ఏ మార్పూ ఉండదు. ఒకే అమ్మాయిలో కూడా ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఉండవచ్చు. అందుచేత పక్కింటి అమ్మాయి రెండు యూనిట్లు పెంచుకున్నదని మీరు పెంచుకోకూడదు.

ముందు నోటుపుస్తకం

డాక్టరుగారు మోతాదు మార్చాలంటే ఆధారం కావాలి. కనీసం మూడు నెలలు వ్రాయండి. ఉదయం పరగడుపున, మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు ముందు, పడుకునేటప్పుడు పరీక్ష చేసుకొని ఆ అంకె వ్రాయాలి. పక్కనే వేసుకున్న ఇన్సులిన్ యూనిట్లు వ్రాయాలి. బహిష్టు వచ్చిన రోజున తేదీ పక్కన ఎర్ర చుక్క పెట్టండి. డాక్టరుగారు మగవారు, ఎలా చెప్పడమని సిగ్గుపడే పిల్లలకు ఆ చుక్క చాలు, నోరు తెరవనక్కరలేదు. స్ట్రిప్పుల ఖర్చు భరించలేనివారు నెలంతా కాకపోయినా, బహిష్టు వస్తుందనుకున్న తేదీకి ముందు పది రోజులు, తరువాత మూడు రోజులు విడవకుండా చేసుకోండి. పోల్చి చూడడానికి మిగతా రోజుల్లో వారానికి రెండు మూడు ఉదయాలు చాలు.

చక్కెర పెరిగిన ప్రతిసారీ నెలసరి కారణం కాదు. ఒకే చోట సూది గుచ్చి గుచ్చి గట్టిపడిన గడ్డలో ఇన్సులిన్ వేస్తే అది సరిగా ఎక్కదు. మన కడప ఎండలకు బస్సులో, దుకాణంలో వేడెక్కిన సీసా కూడా బలం పోగొట్టుకుంటుంది. జ్వరము, మూత్రంలో మంట కూడా చక్కెరను పెంచుతాయి. ఇవి ఏ రోజైనా రావచ్చు. నెలసరి వలన పెరిగితే మాత్రం మూడు నెలల్లో రెండు నెలలైనా ఎర్ర చుక్కకు ముందు అదే చోట కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ

ఇది ఒక్కరి కథ కాదు. మేము చూసిన పలువురి పుస్తకాలను కలిపి పాఠం కోసం వ్రాసినది. ఒక అమ్మాయి, వయసు 19, ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నది. మూడు భోజనాలకు ముందు తేటగా ఉండే రెగ్యులర్ ఇన్సులిన్, రాత్రి 10 గంటలకు పాలలాగా ఉండే ఎన్.పి.హెచ్. ఇన్సులిన్ 12 యూనిట్లు వేసుకుంటుంది.

జూన్ 3న బహిష్టు. ఆ తరువాత మూడు వారాలు పరగడుపు చక్కెర 115 నుండి 145 మధ్యనే ఉన్నది. జూన్ 25 నుండి 178, 196, 214 అని ఎక్కింది. భయపడి 28వ తేదీ రాత్రి ఎవరికీ చెప్పకుండా 12ను 16 చేసుకున్నది. జూలై 2న బహిష్టు వచ్చింది. ఆ రాత్రి కూడా 16 వేసుకున్నది. తెల్లవారుజామున 3 గంటలకు చెమటలతో లేచింది. చక్కెర 52. చక్కెర నీళ్లు తాగించడానికి తల్లి పక్కనే ఉన్నది కాబట్టి సరిపోయింది.

చూడండి, పెంచడంలో పొరపాటు సగమే. దించడం మరచిపోవడం అసలు పొరపాటు. ఎన్.పి.హెచ్. రాత్రి 10కి వేస్తే దాని బలం తెల్లవారుజామున 2 నుండి 6 వరకు ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు హార్మోను పడిపోయి ఉన్నది, అమ్మాయి నిద్రలో ఉన్నది.

డాక్టరుగారు ఆమెను మళ్లీ 12కు తెచ్చి, మరి రెండు నెలలు వ్రాయమన్నారు. చక్కెర పెరిగే రోజుల్లో రెండు రాత్రులు 3 గంటలకు కూడా పరీక్ష చేయమన్నారు. ఇది ముఖ్యం. రాత్రి 3 గంటలకు 60 ఉండి ఉదయం 210 ఉంటే ఇన్సులిన్ పెంచకూడదు. అది వేరే లెక్క. ఈమెకు 3 గంటలకు 165, 172 ఉన్నవి. కాబట్టి నిజంగానే ఇన్సులిన్ చాలడం లేదని తేలింది. మూడు నెలలూ బహిష్టుకు 7, 8 రోజుల ముందే ఎక్కుతున్నది.

నాలుగవ నెల ఆయన చెప్పిన తీరు ఇది. బహిష్టుకు 7 రోజుల ముందు నుండి రాత్రి 12కు బదులు 14. అంటే ఆరోవంతు ఎక్కువ. మూడు రాత్రులు అలాగే చూడాలి, రోజుకొకటి పెంచుకుంటూ పోకూడదు. మూడవ ఉదయం 172 వచ్చింది, రాత్రి 3 గంటలకు 138. ఆయనకు ఫోను చేస్తే 15 చేయమన్నారు. ఉదయం 140 దగ్గరకు దిగింది. బహిష్టు కనిపించిన రోజు రాత్రి నుండే తిరిగి 12. ఆ రాత్రి 3 గంటలకు 96. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్‌ను ఆయన మార్చలేదు. ఒకేసారి రెండూ మారిస్తే దేని వలన దిగిందో తెలియదు.

ఆ తరువాతి నెల పరీక్షల ఒత్తిడిలో బహిష్టు నాలుగు రోజులు ఆలస్యమైంది. "తేదీ దాటింది కదా, 12కు దించేయనా?" అని అడిగింది. ఉదయం చక్కెర ఇంకా 150 పైనే ఉన్నది కనుక 15లోనే ఉంచి, రాత్రి విడిచి రాత్రి 3 గంటలకు చూసుకోమన్నారు. ఒకవేళ బహిష్టు రాకముందే 3 గంటలకు 80 లోపు కనిపిస్తే ఎర్ర చుక్క కోసం ఎదురు చూడక ఆ రాత్రే దించమన్నారు. క్యాలెండరు కంటే గ్లూకోమీటరు మాట నమ్మాలి. నెలసరి క్రమం తప్పేవారికి ఇదే దారి, అంతేగాక థైరాయిడ్, అండాశయాల పరీక్ష గురించి కూడా డాక్టరుగారిని అడగాలి.

మీరు వేసుకునేది గ్లార్జిన్ వంటి రోజంతా పనిచేసే ఇన్సులిన్ అయితే, మార్చిన మోతాదు పూర్తిగా తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. దానిని ఈరోజు దించితే ఈ రాత్రే పూర్తిగా దిగదు. కాబట్టి ఎప్పుడు దించాలన్నది డాక్టరుగారితో ముందే మాట్లాడుకోండి. 30/70 మిక్స్ సీసా వాడేవారికి ఇంకొక చిక్కు ఉన్నది. రాత్రి భాగం పెంచితే భోజనం భాగం కూడా పెరుగుతుంది. ప్రతి నెలా ఇబ్బంది పడుతుంటే రెండు ఇన్సులిన్లను విడివిడిగా వేసుకోవచ్చునా అని అడగడంలో తప్పు లేదు.

ఇంట్లో పెద్దవారికి ఒక మాట

కొన్ని ఇండ్లలో ముట్టు రోజుల్లో పిల్లను విడిగా కూర్చోబెడతారు, వంటింటిలోకి రానివ్వరు. మీ ఆచారం గురించి వాదించడానికి నేను రాలేదు. అయితే ఇన్సులిన్ ఫ్రిజ్ వంటింట్లో, చక్కెర డబ్బా వంటింట్లో, పిల్ల వసారాలో ఒంటరిగా. చక్కెర పడిపోయే రాత్రులు కూడా సరిగ్గా అవే. ఆ మూడు రోజులు సీసా, సిరంజి, మీటరు, చక్కెర పొట్లం, నీళ్ల చెంబు పిల్ల చేతికి అందేటట్లు ఉంచండి. పక్కన ఒకరు పడుకోండి. వణుకు, చెమట, తికమక కనిపిస్తే, లేదా మీటరులో 70 లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పులివెందుల అరటిపండు మంచిదే గాని ఆ క్షణంలో నెమ్మది, దానిని తరువాత ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి.

పెండ్లికో తిరునాళ్లకో నెలసరిని వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి మింగడం మన వైపు మామూలైపోయింది. అవి ప్రొజెస్టిరాన్ జాతి మందులే. అవి వాడుతున్నన్నాళ్లు కొందరికి చక్కెర ఎక్కువగానే ఉండవచ్చు. డాక్టరుగారికి చెప్పకుండా వాడవద్దు.

మరి కడుపునొప్పితో వాంతులై అన్నం తినలేని రోజు ఏమి చేయాలి? "తినలేదు కదా" అని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తారు. టైప్ వన్ ఉన్నవారికి ఇది ప్రాణాపాయం. రాత్రి వేసే ఇన్సులిన్ మానకూడదు. భోజనం ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఫోనులో అడగండి. గంజి, మజ్జిగ కొద్దికొద్దిగా తాగండి. చక్కెర 250 దాటి వాంతులు ఆగకపోతే మూత్రంలో కీటోన్ పరీక్ష చేయించండి. ఊపిరి బరువుగా, వేగంగా వస్తూ పండిన పండు వాసన వేస్తే కీటోన్ పరీక్ష కోసం కూడా ఆగక వెంటనే పెద్దాసుపత్రికి రండి. వచ్చేటప్పుడు నోటుపుస్తకం తీసుకొని రండి, ఎర్ర చుక్క ఎక్కడ ఉన్నదో డ్యూటీ డాక్టరుగారికి చూపించండి.