రాలేనని చెప్పాక ఏం రాయాలి?

ప్రశ్న: ఒకమ్మాయిని తొలిసారి చాయ్‌కి రమ్మన్నాను. ఆఫీసులో పని పడి, రెండు గంటల ముందు రాలేనని మెసేజ్ పెట్టాను. 'సరే' అని మాత్రమే జవాబొచ్చింది. తనంటే నాకిష్టం. ఇప్పుడేం చేయను?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మళ్లీ ఎప్పుడు కలుద్దామో మీరు చెప్పలేదు. అందుకే ఇష్టం లేక తప్పించుకున్నారేమోనని ఆమె అనుకుని ఉండొచ్చు. ఈ రోజే ఇలా రాయండి: 'చివర్లో రాలేనన్నందుకు సారీ. జరిమానాగా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చే. రెండో ప్లేటు కూడా! మంగళవారం ఆరింటికి మీకు వీలవుతుందా?' ముందు సారీ, తర్వాతే సరదా. తారుమారైతే ఆమె సమయాన్ని లెక్కచేయనట్టు ఉంటుంది. 'అలిగారా?' అని మాత్రం అడగొద్దు, తప్పు ఆమె మీదకి నెట్టినట్టవుతుంది. జవాబు రాకపోతే వెంటపడకండి. కలవాలంటేనే గుండెదడ పుట్టి ప్రతిసారీ రద్దు చేస్తుంటే కౌన్సెలర్‌ని నేరుగా కలవండి.